గైజీస్ ఉంగరానికి నాలుగు జవాబులు: ఏది మేలు?

"ఎవరికీ, ఎప్పటికీ తెలియదని ఖాయమైనప్పుడు మంచిగా ఎందుకు ఉండాలి మాస్టారూ?" అన్న ప్రశ్న పర్లాకిమిడిలో డిగ్రీ పిల్లలకు తర్కమూ నీతిశాస్త్రమూ చెప్పిన ఇరవై రెండేళ్లలోనూ నన్ను వదలలేదు, ఉద్యోగ విరమణ చేశాకా వదలలేదు. సాయంత్రం నడకలో కలిసే పాత శిష్యులు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. తరగతి గదిలో నాలుగు జవాబులనూ సమానంగా తూచి, ఏది మేలో మీరే తేల్చుకోండని తప్పించుకునేవాణ్ణి. మొన్న భాద్రపదంలో ఆ ఉంగరం వంటిదే ఒకటి నా చేతికి వచ్చింది కనుక, ఈసారి నా తూకం నేనే చెబుతాను.

కథ అందరికీ తెలిసినదే. లిడియా దేశపు రాజు గొర్రెలను కాసే ఒక కాపరికి, భూకంపంతో విచ్చుకున్న నేలలో, బోలుగా ఉన్న కంచు గుర్రం లోపల, ఒక శవం వేలికి బంగారు ఉంగరం దొరుకుతుంది. దాని ముఖాన్ని అరచేతి వైపు తిప్పితే వాడు కనబడడు, బయటి వైపు తిప్పితే కనబడతాడు. ఆ బలంతో రాణిని లోబరచుకుని, రాజును చంపి, వాడే రాజవుతాడు. గ్రీకు తాత్త్వికుడు ప్లేటో రాసిన 'రిపబ్లిక్' రెండవ భాగంలో ఈ కథ చెప్పేది ఆయన సొంత అన్న గ్లాకన్. (మూలంలో ఆ కాపరి గైజీస్ పూర్వీకుడని ఉంది, గైజీస్ ఉంగరమన్న వాడుక స్థిరపడిపోయింది కనుక నేనూ అలాగే అంటున్నాను.)

కథ చెప్పుకునేటప్పుడు సాధారణంగా జారిపోయే వివరాలు రెండున్నాయి. ఉంగరం మహిమ కాపరికి తెలిసింది దొంగతనం చేయబోతున్నప్పుడు కాదు. నెలకోసారి కాపరులందరూ మంద లెక్క రాజుకు పంపడానికి కూర్చునే సమావేశంలో ఊరికే ఉంగరాన్ని తిప్పుతూ కూర్చున్నప్పుడు, పక్కవాళ్లు తాను లేచి వెళ్లిపోయినట్టుగా మాట్లాడుకోవడం విని వాడికి అర్థమైంది. రెండవది, గ్లాకన్ అక్కడితో ఆగడు. మంచివాడికొకటి, చెడ్డవాడికొకటి రెండు ఉంగరాలిస్తే ఇద్దరూ ఒకే దారిన నడుస్తారని చెప్పి, ఆపైన ఇద్దరి పేర్లనూ తారుమారు చేస్తాడు. పూర్తి దుర్మార్గుడికి సాధువన్న కీర్తినీ, నిజమైన మంచివాడికి దుర్మార్గుడన్న నిందనూ, కొరడా దెబ్బలనూ, కాల్చిన కళ్లనూ ఇచ్చి, ఇప్పుడు చెప్పండి, ఎవరి బతుకు మేలని నిలదీస్తాడు. అతడు కోరిన జవాబు ఫలితాల మీదా, పేరు మీదా ఆనకూడదు. "అలాంటి ఉంగరం లోకంలో ఉండదు కదా" అని తప్పుకోవడానికి కూడా వీలు లేదు. రోమన్ రచయిత సిసిరో 'డి ఆఫిషియిస్' మూడవ భాగంలో అలా తప్పుకునే తాత్త్వికుల మీద విసుక్కుంటాడు. ఉంగరం ఉందా లేదా అన్నది కాదు, ఎవరికీ తెలియదనీ, ఎవరూ అనుమానించరనీ తేలినప్పుడు నువ్వేం చేస్తావో చెప్పు అన్నదే అక్కడి ప్రశ్న.

ఇక నా ఉంగరం సంగతి.

మా వీధి చివర ఉండే పిన్నిగారు నాకు రక్తసంబంధి కారు, మా అమ్మకు నేస్తం. ఆవిడ భర్తను నేను బాబాయి అనేవాణ్ణి. ఆయన చిన్న కిరాణా కొట్టు నడిపి, నిరుడు పోయారు. పిల్లలు లేరు. బాబాయి చదువంతా ఒడియా బడిలో సాగింది కనుక కొట్టు పద్దులన్నీ ఒడియా లిపిలోనే రాసుకున్నారు. పిన్నిగారిది పాతపట్నం వైపు పుట్టిల్లు. ఆవిడకు అయిదో తరగతి దాకా తెలుగు చదువు. ఒడియా గలగలా మాట్లాడతారు గానీ అక్షరం పోల్చలేరు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసిన నాటి నుంచి మా వైపు తెలుగు ఇళ్లలో ఇది సర్వసాధారణం. ఒకే కప్పు కింద ఒకరి రాత మరొకరికి గోడ మీది ముగ్గులా కనిపిస్తుంది. ఆ మధ్యన నిలబడి రెండు లిపులూ చదవగలిగినవాడి చేతిలో ఎంత అధికారం ఉంటుందో, పట్టాలూ దస్తావేజులూ చదివించుకున్నవాళ్లకు చెప్పనక్కరలేదు.

ఎవరెవరు ఎంత ఇవ్వాలో, తాము ఎవరికి ఎంత బాకీనో తెలుసుకోవాలని ఆవిడ ఆ చిట్టా పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చుని నేను ఒక్కో పద్దూ తెలుగులో చెబుతూ ఉంటే, ఆవిడ తన చూపుడు వేలు ఆ గీత మీద పెట్టి, నా మాట ముగిశాక కిందికి జరుపుతూ వచ్చారు. అక్షరాలు తెలియకపోయినా వరసలు తెలుసు. తీరిపోయిన పద్దులను బాబాయి అడ్డగీతతో కొట్టేశారు. చివరి పుటలకు ముందు ఒక చోట మా నాన్నగారి పేరు వచ్చింది. 2009లో చేబదులు, పద్నాలుగు వేలు. దానిమీద అడ్డగీత లేదు, ఎదురుగా జమా లేదు. నాన్నగారు 2011లో పోయారు, ఈ సంగతి నాతో ఎన్నడూ అనలేదు.

నేను ఆ పద్దు దాటేసి, దాని కింద ఉన్న పాలవాడి ఆరు వందలు చదివాను.

అర నిమిషం కూడా ఆలోచించలేదు, గొంతు కూడా మారలేదు. మిగిలినది రేపు చదువుదామని చెప్పి పుస్తకం నా దగ్గరే ఉంచుకున్నాను. ఇచ్చినవారూ లేరు, పుచ్చుకున్నవారూ లేరు, ఆవిడకు చదవడం రాదు. చట్టం కూడా నా వైపే ఉంది. అప్పు మీద దావా వేయడానికి కాలపరిమితి చట్టం ఇచ్చే గడువు మూడేళ్లు. అది ముగిసి చాలా కాలమైంది. తండ్రి చేసిన అప్పు కొడుకు మీద ఎంతవరకు వాలుతుందన్నది వేరే చర్చ. నేను పద్నాలుగు వేలు ఇవ్వాలా వద్దా అన్నది ఒక ప్రశ్న. ఆవిడకు కళ్లుగా కూర్చుని, ఉన్నదాన్ని లేదన్నట్టు చదవవచ్చా అన్నది మరో ప్రశ్న. ఉంగరం పని చేసేది రెండోదానిలో. ఇప్పుడు నాలుగు జవాబులనూ ఆ అరుగు మీదికే తీసుకువస్తాను.

మొదటి జవాబు, ఎంత దాచినా ఏనాటికైనా బయటపడుతుందన్నది. దీన్ని త్వరగా దాటేస్తాను. 1651లో ఇంగ్లీషు తాత్త్వికుడు హాబ్స్ 'లెవయతన్' పదిహేనవ అధ్యాయంలో, న్యాయమనేదే లేదు, లాభమైతే మాట తప్పవచ్చు అనే మూర్ఖుడికి ఇచ్చిన సమాధానం దీనికి అత్యుత్తమ రూపం. మాట తప్పేవాణ్ణి తోటివారు పొరపాటున మాత్రమే తమలో ఉంచుకుంటారు, ఇతరుల పొరపాటు మీద బతుకును నిలబెట్టుకోవడం తెలివి కాదు అంటాడాయన. నిజ జీవితంలో ఇది మంచి సలహాయే. కానీ ఉంగరం కథలో ఆ పొరపాటుకు ఎన్నడూ తెర లేవదని ముందే ఒప్పందం. నా విషయంలో ఈ జవాబు ఏం చేసిందో కూడా చెప్పాలి. ఆ రాత్రి నాకు మొదట వచ్చిన ఆలోచన, పుస్తకం తిరిగి ఇచ్చాక పై వీధి కుర్రాడెవడైనా ఆ పుట చదివితే ఏమవుతుందన్నదే. ఆ వెంటనే వచ్చిన రెండో ఆలోచన, ఆ ఒక్క కాగితమూ చించేస్తే సరిపోతుంది కదా అన్నది. పట్టుబడతావన్న హెచ్చరిక నన్ను మంచివాణ్ణి చేయలేదు, మరింత జాగ్రత్తపరుణ్ణి చేసింది. భయం మీద నిలిచే జవాబుకు ఈ జబ్బు పుట్టుకతోనే ఉంటుంది.

రెండవ జవాబు మనకు చిన్నప్పటి నుంచీ అలవాటైనది: మనుషులు చూడకపోయినా చూసేవాళ్లున్నారన్నది. దీన్ని నన్నయ్య ఆదిపర్వంలో శకుంతల నోట చెప్పించినంత గట్టిగా తెలుగులో మరెవరూ చెప్పలేదని నా అభిప్రాయం. గ్లాకన్ కథకు మన వైపు జోడీ వెతికితే దుష్యంతుడి సభ కన్నా దగ్గరిది దొరకదు. గాంధర్వ వివాహానికి సాక్షులు లేరు. జరిగినది ఆశ్రమంలో, అడవిలో. సభలో రాజు మాటకు ఎదురు లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, భారతంలోని దుష్యంతుడు మరచిపోలేదు. గుర్తుండి కూడా ఎరుగనన్నాడు. మరపునూ, శాపాన్నీ, పోయి దొరికిన ఉంగరాన్నీ తెచ్చి రాజును ఆ తప్పు నుంచి తప్పించింది కాళిదాసు. చిత్రమేమిటంటే అక్కడి ఉంగరం దాచడానికి కాదు, గుర్తు పట్టించడానికి పనికివస్తుంది. నన్నయ్య దుష్యంతుడికి అలాంటి సాకు ఏదీ లేదు. సాక్షి లేకపోవడమే వాడి చేతి ఉంగరం.

అప్పుడు శకుంతల వేదాలనూ, పంచభూతాలనూ, ధర్మాన్నీ, సంధ్యలనూ, అంతరాత్మనూ, యముణ్ణీ, చంద్రసూర్యులనూ, పగటినీ, రాత్రినీ వరసగా సాక్షులుగా నిలబెట్టి, ఇవన్నీ ఉండగా నరుడు "తన్ను మ్రుచ్చిలన్" నేర్చునా అని అడుగుతుంది. మ్రుచ్చిలించడమంటే దొంగిలించడం. తన్ను తాను దొంగిలించుకోగలడా అని ప్రశ్న. ఈ జాబితాను జాగ్రత్తగా చూస్తే ఇందులో రెండు రకాల సాక్షులున్నట్టు తెలుస్తుంది. సూర్యుడూ, చంద్రుడూ, యముడూ బయటివారు. వారి మీద ఆనుకుంటే మొదటి జవాబే పై అంతస్తుకు ఎక్కినట్టు అవుతుంది. పట్టుకునేవాడు పెద్దవాడైనాడు తప్ప, చేసేవాడి కారణం మారలేదు. గ్లాకన్ తమ్ముడో అన్నో గానీ అదే సంభాషణలో పాల్గొనే మరో సోదరుడు అడైమాంటస్ ఈ మెలికనే లాగుతాడు. దేవతలను బలులతో, నైవేద్యాలతో ప్రసన్నం చేసుకోవచ్చని మన కవులూ పూజారులూ చెబుతున్నారు కదా, అలాంటప్పుడు అన్యాయంగా గడించి, అందులోంచి కొంత వారికి సమర్పిస్తే లెక్క సరిపోతుంది అంటాడు. హుండీ ముందు నిలబడిన ఏ వ్యాపారికైనా ఈ గణితం కొత్త కాదు. అంతరాత్మ మాత్రం వేరే జాతి సాక్షి. దానికి కానుకలు చెల్లవు. "తన్ను మ్రుచ్చిలన్" అన్న రెండు మాటల్లో నన్నయ్య యముణ్ణి దాటి, మూడవ జవాబు గుమ్మం దాకా వచ్చేశాడు.

ఆ మూడవది ప్లేటోది. గ్లాకన్‌కు ప్లేటో తన గురువు సోక్రటీస్ నోట ఇప్పించే జవాబు ఒక్క వాక్యం కాదు, మిగిలిన ఎనిమిది భాగాల పుస్తకం. సారాంశం ఇది: మనిషిలో బుద్ధి, పౌరుషం, కోరిక అని మూడు పాళ్లున్నాయి, ఎవరి పని వారు చేస్తూ బుద్ధి మాట వినడమే న్యాయం, అదే ఆత్మకు ఆరోగ్యం. తొమ్మిదవ భాగంలో బొమ్మ కట్టి చూపిస్తాడు. పైకి మనిషిలా కనిపించే తోలు లోపల ఒక బహుశిరస్సుల మృగమూ, ఒక సింహమూ, అన్నిటికన్నా చిన్నగా ఒక మనిషీ ఉన్నారు. అన్యాయం లాభమనేవాడు, మృగానికి మేత వేసి లోపలి మనిషిని మాడ్చడం లాభమంటున్నాడన్నమాట. ఉంగరం తోలును దాచగలదే గాని లోపలి పోషణను మార్చలేదు. నిరంకుశుడి జీవితం రాజర్షి జీవితం కన్నా 729 రెట్లు దుఃఖకరమని ఒక లెక్క కూడా వేస్తాడు. ఆ లెక్కను ప్లేటో ఎంత గంభీరంగా వేశాడో నాకు ఏళ్ల తరబడి సందేహమే.

ఉద్యోగ కాలమంతా నేను మొగ్గిన జవాబు ఇదే. గ్లాకన్ పెట్టిన షరతులన్నిటినీ ఇది పాటిస్తుంది. పేరుతో పని లేదు, శిక్షతో పని లేదు, దేవతలతో పని లేదు. ఆరోగ్యం ఎవరూ చూడకపోయినా ఆరోగ్యమే. అయినా ఆ రాత్రి ఇది నన్ను రెండు చోట్ల నిరాశపరచింది.

ఒకటి, ఆ రాత్రి నాకు నిద్ర బాగానే పట్టింది. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం. నాలోని మృగమేదీ గర్జించలేదు. గైజీస్ వంటి నిరంకుశుడి విషయంలో, కోరికల వెంట పడి, కలలో మాత్రమే చేయదగిన పనులను మెలకువలో చేసేవాడి విషయంలో, ప్లేటో చెప్పిన కుళ్లు నిజమే కావచ్చు. ఏడాదికి ఒకసారి, ఒక్క పద్దు దాటేసే నావంటివాడి సంగతి ఏమిటి? 1751లో స్కాట్లండ్ తాత్త్వికుడు హ్యూమ్ సరిగ్గా ఈ మనిషినే ఎదుట నిలబెట్టాడు. అందరితో కలిసి నియమం పాటిస్తూ, సందు దొరికిన చోట మాత్రం లాభం తీసుకునే తెలివైన కపటి వాడు. వాడికి హ్యూమ్ చెప్పినది మనశ్శాంతి గురించీ, తన దృష్టిలో తనకుండే నడవడి గురించీ. దాన్ని పనికిమాలిన ఆటబొమ్మల కోసం అమ్ముకోవడం గురించీ. అయితే ఈ వాదానికి జవాబు కావాలని గట్టిగా అనుకునేవాణ్ణి తృప్తిపరచే జవాబు దొరకడం కొంచెం కష్టమేనని కూడా ఆయన నిజాయితీగా రాశాడు. మనస్సులో ముల్లు గుచ్చుకున్నవాడికే ఈ వైద్యం పని చేస్తుంది. గుచ్చుకోనివాడికి, అంటే ఆ రాత్రి నాకు, చెప్పడానికి దాని దగ్గర ఏమీ లేదు.

రెండవ నిరాశే నాకు నిర్ణయాత్మకంగా తోచింది. నాకు గుచ్చుకున్నా కూడా, ఈ జవాబు చెప్పే కారణం సరైన కారణమా? "నా ఆత్మ ఆరోగ్యం చెడుతుంది కనుక పిన్నిగారికి పద్దు చదివాను" అని నేనంటే, వినేవారు నన్ను మెచ్చుకోరు, కొంచెం దూరం జరుగుతారు. అప్పుడు ఆవిడ నా వ్యాయామానికి పనికివచ్చిన ఒక సాధనం మాత్రమే అవుతారు. పట్టుబడతాననుకుంటే నా చర్మం, యముడు చూస్తున్నాడనుకుంటే నా పరలోకం, ఆరోగ్యమనుకుంటే నా ఆత్మ. మూడు జవాబులలోనూ ఉన్నది నేనే. ఆ అరుగు మీద రెండో మనిషి కూడా కూర్చుని ఉన్నారన్న సంగతి వాటిలో ఎక్కడా రాలేదు.

ఈ కొలబద్ద దొరికాక ఉంగరం కథను మళ్లీ చదివితే ఇన్నేళ్లూ గమనించనిది ఒకటి కనిపించింది. గ్లాకన్ కథలో రాణి ఒక్క మాట మాట్లాడదు. రాజూ మాట్లాడడు. లోబరచుకున్నాడు, చంపాడు, రాజ్యం తీసుకున్నాడు అని ఒక్క వాక్యంలో ఇద్దరూ ముగిసిపోతారు. ఇదే గైజీస్ కథను గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ తన చరిత్ర మొదటి భాగంలో ఉంగరం లేకుండా చెబుతాడు. అక్కడ కాండౌలీస్ రాజు తన భార్య అందాన్ని గొప్పగా చెప్పుకుని, గైజీస్‌ను బలవంతంగా పడకగదిలో తలుపు వెనక దాచి, ఆమె వివస్త్రగా ఉండగా చూసి రమ్మంటాడు. వాడు చాటుగా జారుకుంటూ ఉండగా ఆమె చూసింది. అరవలేదు. తెల్లవారాక పిలిపించి, ఈ పని చేయించినవాడైనా చావాలి, చూడరానిది చూసిన నువ్వైనా చావాలి, ఏదో ఒకటి ఎంచుకో అంది. ఆ కథలో రాజ్యం చేతులు మారేది ఆమె మాట మీద. ఒకే మనిషి, ఒకే రాజ్యం, ఒకే రాణి. ఒక కథలో ఉంగరం ఉంది, రెండో కథలో ఆమెకు నోరుంది. అన్యాయానికి గురైనవారిని కథలోంచి తీసేసి, ఆపైన "ఇక న్యాయంగా ఉండడానికి కారణమేముంది?" అని అడిగితే, కారణం దొరకకపోవడంలో ఆశ్చర్యమేముంది? కారణాన్ని ముందే బయటికి పంపించారు. నన్నయ్య శకుంతల చెప్పిన సాక్షుల జాబితా కన్నా, ఆ జాబితాను చదువుతూ కొడుకుతో సహా సభలో నిలబడిన శకుంతలే నాకు ఎక్కువ బరువుగా తోచడానికి కారణం కూడా ఇదే.

నాలుగవ జవాబు ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఈ ప్రశ్నను అడిగే తీరులోనే పొరపాటుందని 1912లో ఇంగ్లీషు తాత్త్వికుడు ప్రిచర్డ్ ఒక వ్యాసంలో వాదించాడు. చేయవలసినదని తెలిసిన పనిని ఎందుకు చేయాలని అడిగి, దానివల్ల నాకేమిటన్న జవాబు కోసం చూడడమంటే, కర్తవ్యాన్ని లాభం భాషలోకి తర్జుమా చేయమనడమే. తర్జుమా కుదిరిన క్షణాన అది కర్తవ్యంగా మిగలదు. జర్మన్ తాత్త్వికుడు కాంట్ 1785లో చూపిన దుకాణదారు ఉదాహరణ నాకు బాబాయి కొట్టును గుర్తు చేస్తుంది. చిన్నపిల్లవాడు వచ్చినా అందరితోపాటు ఒకే ధర తీసుకునే వ్యాపారి సరైన పనే చేస్తున్నాడు. కానీ అది బేరం నిలుపుకోవడానికా, న్యాయమనా అన్నది బయటికి తెలియదు. బేరం కారణమైతే, తప్పు తూకం ఎన్నటికీ బయటపడదన్న రోజున వాడి చెయ్యి మారుతుంది. గ్లాకన్ ఉంగరం ఈ రెండు రకాల వ్యాపారులనూ విడదీసే పరీక్షగా నిలుస్తుంది.

ప్రిచర్డ్ జవాబు పొడిగా ఉంటుందని నా శిష్యులు ఎప్పుడూ ఫిర్యాదు చేసేవారు, నేనూ కాదనలేదు. "చేయాలి కనుక చేయాలి" అంటే గద్దించినట్టే ఉంటుంది. దానికి తడి తగిలించేది ఎదుటి మనిషి. ఎందుకు చదవాలంటే, ఆవిడ అడిగారు కనుక. ఆ డబ్బు ఆవిడది కనుక. తనకు కనిపించని గీత మీద వేలు పెట్టి నా గొంతును నమ్ముకుని కూర్చున్నారు కనుక. ఇవి నా లాభాలు కావు, అయినా కారణాలే. ఉంగరం తొడిగినా వీటిలో ఒక్కటీ మారదు. నేను కనబడకపోవచ్చు, ఆవిడ పద్నాలుగు వేలు పోవడం ఆగదు.

దీనికి ఉన్న లోటు కూడా చెప్పాలి, అది చిన్నది కాదు. ఈ జవాబు గైజీస్‌ను మార్చలేదు. ఎదుటివారి నష్టం తనకు కారణమే కాదనేవాడికి, అది కారణమేనని మళ్లీ చెప్పడం తప్ప ఇది ఇంకేమీ చేయలేదు. గ్లాకన్ కోరినది అలాంటివాణ్ణి కూడా ఒప్పించే జవాబు కనుక, ఆ పందెంలో ప్లేటో కనీసం బరిలోకి దిగాడు, ప్రిచర్డ్ దిగనే లేదు. ఆ మేరకు ప్లేటో పక్షాన ఉన్న పాత శిష్యులతో నాకు ఇప్పటికీ పేచీ లేదు. గైజీస్ వంటివాడికి తాళాలూ, తూనికల తనిఖీలూ, రెండు లిపులలో దస్తావేజులూ కావాలి, వాదం కాదు. కానీ ఈ ప్రశ్న నన్ను అడిగేవాళ్లలో గైజీస్‌లు ఎందరు? ఆ రాత్రి నాకు కారణం తెలియక కాదు. కాలపరిమితి చట్టమనీ, నాన్నగారి అప్పు నాది కాదనీ, బాబాయి కొట్టేయడం మరచిపోయి ఉంటారనీ నేను వెతికినవన్నీ చేయకుండా ఉండడానికి కారణాలు. ఆ వెతుకులాట సాగినంతసేపూ పిన్నిగారు నాకు ఒక్కసారి కూడా కళ్ల ముందు మెదలలేదు. అందుకే హాయిగా నిద్ర పట్టింది.

తెల్లవారి పుస్తకం తెరిచేటప్పటికి, మెదిలినది వేలు. ముందురోజు నేను నాన్నగారి పద్దు దాటి పాలవాడి ఆరు వందలు చదువుతున్నప్పుడు, ఆవిడ వేలు ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంది. ఆవిడ లెక్క ప్రకారం ఆ గీతలో ఉన్నది పాలవాడు. నా మాట ముగిశాక వేలు పాలవాడి గీత మీదికి జరిగింది, నేను దాని కింది మనిషిని చదివాను. అక్కడి నుంచి ఆ పుట చివరిదాకా ఆవిడ వేలూ నా గొంతూ ఒక్క వరస ఎడంగా నడిచాయి. ఆఖరున ఒక గీత మిగిలిపోయింది. ఆవిడ దాన్ని చూసి, వేలు తీసేసి, ఊరుకున్నారు. ఆ ఊరుకోవడంలో అనుమానం లేదు. చదువుకున్నవాడికి తెలియదా, తనదే లెక్క తప్పి ఉంటుందని అనుకున్న మనిషి మొహం అది.

సాయంత్రం ఆవిడ వచ్చినప్పుడు ఆ పుట మొదటి నుంచీ మళ్లీ చదివాను. నాన్నగారి పద్దు దగ్గరికి వచ్చి, పేరూ, ఏడాదీ, పద్నాలుగు వేలూ చెప్పి, నిన్న ఇది దాటేశానని కూడా చెప్పి, బ్యాంకు నుంచి తెచ్చిన డబ్బు పుస్తకం పక్కన పెట్టాను. ఆవిడ నోట్లు తీసుకుని, రెండుసార్లు లెక్కపెట్టి, కొంగున ముడి వేసుకున్నారు. నేను పెన్సిలుతో ఆ పద్దు మీద బాబాయి గీసినట్టే అడ్డగీత గీశాను. ఆవిడ వేలు దాని కిందికి జరిగింది.

"తరవాత ఏటున్నాది బాబూ?"

"పాలవాడు పిన్నిగారూ. ఆరు వందలు."